పచ్చచుక్కకు లేని మతం హలాల్ ముద్రకే ఎందుకు?

2023 నవంబర్ 18న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. హలాల్ సర్టిఫికేట్ ఉన్న ఆహార పదార్థాల తయారీ, నిల్వ, పంపిణీ, అమ్మకం ఆ రాష్ట్రంలో తక్షణం నిషేధం. ఒక్క మినహాయింపు ఇచ్చారు. విదేశాలకు పంపే సరుకుకు ఈ నిషేధం వర్తించదు. దేశం నుంచి వెళ్ళే బర్రె మాంసంలో అతిపెద్ద వాటా ఉత్తరప్రదేశ్‌దే. అంటే గల్ఫ్ దేశాల నుంచి డాలర్లు తెచ్చే హలాల్ పనికొస్తుంది, లక్నోలో ఒక ముస్లిం ఇంటికి వెళ్ళే బిస్కట్ ప్యాకెట్ మీది హలాల్ పనికిరాదు.

ఉత్తర్వు చూపించిన కారణాన్ని మాత్రం మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఆహార నాణ్యత గురించి చెప్పే అధికారం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఎఫ్ఎస్ఎస్ఏఐదేనని, ఆ చట్టం 89వ సెక్షన్ ప్రకారం మిగతా చట్టాల కంటే దానికే పైచేయి అని, హలాల్ సర్టిఫికేషన్ ఒక సమాంతర వ్యవస్థగా మారి నాణ్యత విషయంలో జనాన్ని గందరగోళపెడుతోందని అందులో రాశారు. ఈ వాదనలో సగం నిజం ఉంది. హలాల్ ముద్ర నాణ్యతకు హామీ కాదు. అయితే ఆ సగం నిజాన్ని చివరిదాకా తీసుకెళ్తే అది హలాల్ దగ్గర ఆగదు. ప్యాకెట్ మీద నాణ్యతతో సంబంధంలేని ముద్ర ఇంకొకటి ఉంది. దాన్ని ప్రభుత్వమే తప్పనిసరి చేసింది. దాని గురించి ఎవరూ ఉత్తర్వులు ఇవ్వరు, ఎవరూ ఫిర్యాదు చేయరు. ఈ వ్యాసంలో నా వాదన ముఖ్యంగా దాని గురించే. అక్కడికి చేరాలంటే ముందు హలాల్ ముద్ర నిజంగా ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవాలి.

కాగితం మీద నమ్మకం

మాంసం విషయంలో హలాల్ అంటే ఏమిటో మన ఊళ్ళలో ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. తెలంగాణ పల్లెల్లో యాటను కోసేటప్పుడు ముల్లాను పిలిచి హలాల్ చేయించడం హిందూ ఇళ్ళలో కూడా ఉన్న అలవాటే. దేవుని పేరు తలుచుకుని గొంతు కోయడం, రక్తం పూర్తిగా కారిపోనివ్వడం, అంతే. అక్కడ సర్టిఫికేట్ లేదు. కోసినవాడు అందరికీ తెలిసిన మనిషి, కోసింది అందరి కళ్ళముందు. ఆ నమ్మకానికి ముద్ర అవసరం లేదు.

ప్యాకెట్ వచ్చాక ఆ మనిషి కనబడకుండా పోయాడు. ఒక బిస్కట్ ప్యాకెట్‌నే తీసుకోండి. దానిలో మాంసం లేదు కదా, హలాల్ ఎందుకు అని అడిగేవాళ్ళు ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవరు. అక్కడ 'ఎమల్సిఫయర్ (ఐఎన్ఎస్ 471)' అని ఉంటుంది. నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం అది. కొవ్వు ఆమ్లాల మోనో, డైగ్లిజరైడ్లు అని దాని పూర్తి పేరు. అది పామాయిల్ నుంచి రావచ్చు, సోయా నుంచి రావచ్చు, జంతువు కొవ్వు నుంచీ రావచ్చు. మూడింటికీ అంకె ఒక్కటే. అలాగే వాసనకు వాడే ఫ్లేవర్‌ను చాలాసార్లు ఆల్కహాల్‌లో కరిగించి తయారుచేస్తారు. జెలటిన్ పశువు చర్మం, ఎముకల నుంచి రావచ్చు, పంది నుంచీ రావచ్చు. కొన్ని ఎంజైములదీ ఇదే కథ. కాబట్టి శాకాహార సరుకు మీద హలాల్ ముద్ర వేయడం వెర్రితనం కాదు. ముద్ర కోరుకునే వినియోగదారుడికి అంకె వెనక ఉన్న మూలం కావాలి.

ఆ మూలాన్ని సర్టిఫికేట్ ఇచ్చే సంస్థ ఎలా తెలుసుకుంటుంది? ముందు కంపెనీ తన సరుకులో వాడే ప్రతి పదార్థం జాబితా ఇస్తుంది. ఒక్కొక్క పదార్థానికీ దాన్ని సరఫరా చేసిన కంపెనీ నుంచి, ఇది ఫలానా మూలం నుంచి తయారైంది అన్న పత్రం జతచేస్తుంది. తర్వాత ఆడిటర్ ఫ్యాక్టరీకి వస్తాడు. గోదాములో అనుమతి లేని సరుకు పక్కనే పెట్టారా, అదే యంత్రం మీద ఇంకేదైనా తయారుచేస్తున్నారా, మధ్యలో ఎలా కడుగుతున్నారు అన్నవి చూస్తాడు. నూనె పూసే బ్రష్‌లు పంది వెంట్రుకలతో చేసినవా అన్నది కూడా ఆ తనిఖీలో భాగమే. అన్నీ సరిపోతే కాలపరిమితి ఉన్న సర్టిఫికేట్ ఇస్తారు, గడువు తీరాక మళ్ళీ తనిఖీ చేస్తారు. మధ్యలో రోజూ బయటికి వచ్చే సరుకును సంచి సంచికీ పరీక్షించేవాళ్ళు ఎవరూ ఉండరు. ముద్ర చెప్పేది ఇంతే: ఆ పత్రాలు చూసిన రోజున, ఆ ఆడిటర్ వచ్చిన రోజున, ఈ పద్ధతి మా నియమాలకు సరిపోయింది.

పరీక్ష చేస్తే తేలిపోదా అంటే, అన్నిసార్లూ తేలదు. పంది డీఎన్ఏను గుర్తించే పరీక్ష ఉంది. కానీ బాగా శుద్ధిచేసిన కొవ్వులో, వేడికీ ఆమ్లానికీ గురైన జెలటిన్‌లో డీఎన్ఏ ముక్కలైపోయి దాదాపు మిగలదు. అందుకే చివరికి భారమంతా కాగితం మీదే పడుతుంది.

డీఎన్ఏ దొరికినప్పుడు కూడా ఏం జరుగుతుందో మలేసియా చూపించింది. అక్కడ హలాల్ ముద్ర ఇచ్చేది ప్రైవేటు సంస్థ కాదు, జాకిమ్ అనే ప్రభుత్వ ఇస్లామిక్ శాఖ. ప్రపంచంలో అత్యంత కట్టుదిట్టమైన హలాల్ వ్యవస్థల్లో దానిదొకటన్న పేరుంది. 2014 మే నెలలో ఆ దేశ ఆరోగ్య శాఖ, క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ చాక్లెట్లలో రెండు రకాల్లో పంది డీఎన్ఏ ఆనవాళ్ళు కనిపించాయని ప్రకటించింది. కంపెనీ సరుకును వెనక్కి తీసుకుంది. బహిష్కరణ పిలుపులు వచ్చాయి. వారం రోజులు దాటాక జూన్ 2న జాకిమ్ తాను ఫ్యాక్టరీ నుంచి తీసుకున్న నమూనాల్లో ఏమీ దొరకలేదని చెప్పింది. ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలు, ఒకే సరుకు, రెండు ఫలితాలు. ఆరోగ్య శాఖ నమూనా ఫ్యాక్టరీ బయటి నుంచి వచ్చింది, జాకిమ్ నమూనా లోపలి నుంచి వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దాటాక గోదాములో, దుకాణంలో, ప్రయోగశాల బల్ల మీద ఏం అంటుకుంటుందో ఏ ముద్రా హామీ ఇవ్వలేదు. ముద్ర పద్ధతి గురించి మాట్లాడుతుంది, నీ చేతిలో ఉన్న ముక్క గురించి కాదు.

ఇంకో పరిమితి కూడా ఉంది. హలాల్ అన్నది ఒకే ప్రమాణం కాదు. కోసే ముందు పశువును కరెంటు షాక్‌తో స్పృహ తప్పించవచ్చా, కోళ్ళను యంత్రంతో కోయవచ్చా అన్నవాటి మీద ఉలమాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. ఒక సంస్థ ఒప్పుకున్నది ఇంకో సంస్థ ఒప్పుకోదు, ఒక దేశం అంగీకరించిన సర్టిఫికేట్ ఇంకో దేశం తిరస్కరిస్తుంది. మాంసంలో సాల్మొనెల్లా క్రిమి ఉందా, పశువుకు జబ్బు ఉందా, చల్లగా నిలవచేశారా అన్నవి హలాల్ ముద్ర మీద చూసి తెలుసుకునే సంగతులు కావు. మంచి సర్టిఫికేట్ సంస్థలు పరిశుభ్రత అడుగుతాయి, నిజమే. కానీ ఆహార భద్రతకు చట్టప్రకారం జవాబుదారీ తీసుకోవలసింది పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉన్న తయారీదారుడు. ఆ నంబరు కూడా లైసెన్సు ఉందని చెబుతుంది తప్ప, నీ ప్యాకెట్‌ను ఎవరో పరీక్షించారని చెప్పదు.

కాబట్టి హలాల్ ముద్రను నాణ్యత ముద్రగా అమ్ముకునే కంపెనీ ఎవరైనా ఉంటే అది తప్పు, దాన్ని అనాలి. కానీ దాని జవాబు ఆ ఒక్క తప్పుడు ప్రకటనను శిక్షించడం. ముద్రనే నేరంగా మార్చడం కాదు.

లక్షల కోట్ల లెక్క

హలాల్‌కు వ్యతిరేకంగా నడిచేది ఎప్పుడూ ఈ సాంకేతిక చర్చ కాదు. 2022లో కర్ణాటకలో ఉగాది మరునాడు వచ్చే హొసతొడకు పండుగ ముందు హలాల్ మాంసాన్ని బహిష్కరించమన్నారు. హొసతొడకు మాంసం పండుగ. ఆ రోజు చిన్న మాంసం దుకాణాలకు ఏడాదిలో పెద్ద బేరం. అప్పుడు బీజేపీ నాయకుడు సి.టి. రవి హలాల్‌ను 'ఆర్థిక జిహాద్' అన్నారు. 2025 జనవరిలో ఇదే ఉత్తరప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ముందు సొలిసిటర్ జనరల్, సిమెంటుకూ ఇనుప కడ్డీలకూ కూడా హలాల్ సర్టిఫికేట్ ఇస్తున్నారని, వసూలయ్యే డబ్బు లక్షల కోట్లలో ఉండొచ్చని అన్నారు. జమియత్ ఉలమా-ఎ-హింద్‌కు చెందిన హలాల్ ట్రస్టు ఆ మాటలను ఖండించింది.

ఆ అంకెను ఒకసారి తూచి చూద్దాం. హలాల్ సర్టిఫికేట్ అత్యవసరమయ్యే అతిపెద్ద భారతీయ సరుకు బర్రె మాంసం. 2023–24లో దేశం నుంచి వెళ్ళిన మొత్తం బర్రె మాంసం విలువ సుమారు 31 వేల కోట్ల రూపాయలు. అది మాంసం ధర, సర్టిఫికేట్ ఫీజు కాదు. ఒక్క లక్ష కోట్ల ఫీజు రావాలంటే ఆ మొత్తం ఎగుమతుల విలువకు మూడు రెట్లకు పైగా కేవలం ముద్ర కోసం కట్టాలి. లెక్క వచ్చిన విద్యార్థి ఎవరైనా ఇది అసాధ్యమని రెండు నిమిషాల్లో చెబుతారు. అయినా ఆ మాట వార్తాశీర్షిక అయింది. అబద్ధం పెద్దదైతే ఎవరూ తూచరన్న నమ్మకం మీదే ఈ ప్రచారం నడుస్తోంది.

ఇందులో ఇంకో మౌనం ఉంది. హలాల్‌లాగే కోషర్ కూడా మత ముద్రే. యూదుల ఆహార నియమాల ప్రకారం రబ్బీలు ఇచ్చే సర్టిఫికేట్ అది. అమెరికాకు, ఇజ్రాయెల్‌కు సరుకు అమ్మే మన కంపెనీలు కోషర్ ముద్ర కూడా కొనుక్కుంటాయి. దానికీ ఫీజు ఉంది, ఆడిట్ ఉంది, అదీ ఎఫ్ఎస్ఎస్ఏఐకి సమాంతరమే. ఉత్తరప్రదేశ్ ఉత్తర్వులో కోషర్ లేదు. సమాంతర వ్యవస్థ అన్నదే అభ్యంతరమైతే ఆ పేరు కూడా ఉండాలి. అభ్యంతరం వ్యవస్థ మీద కాదు, మనుషుల మీద.

ఎవరూ తనిఖీ చేయని చుక్క

ఇప్పుడు అసలు ముద్ర దగ్గరికి వద్దాం. ప్యాకెట్ ముందు, సరుకు పేరు పక్కన, పచ్చ చతురస్రంలో పచ్చచుక్క. మాంసాహారానికి మొదట గోధుమరంగు చుక్క ఉండేది, 2020 లేబులింగ్ నిబంధనలు దాన్ని గోధుమరంగు త్రిభుజం చేశాయి. ఈ రెండు గుర్తులూ ఐచ్ఛికం కావు. దేశంలో అమ్మే దాదాపు ప్రతి ఆహార ప్యాకెట్ మీదా చట్టప్రకారం రెండింటిలో ఒకటి ఉండాలి.

ఈ చుక్కను ఎవరు ఇస్తారు? ఎవరూ ఇవ్వరు. తయారీదారుడే ముద్రించుకుంటాడు. హలాల్‌కు ఉన్నట్టు ముందుగా పత్రాల పరిశీలన, ఆడిటర్ రాక, బ్రష్ తనిఖీ ఏవీ దీనికి అక్కర్లేదు. అధికారులు ఎప్పుడైనా నమూనా తీసి అబద్ధమని తేలిస్తే చర్య ఉంటుంది, అంతే. నిబంధన అడిగేది కూడా సరుకులో వేసిన పదార్థాల గురించే. అదే యంత్రం మీద పొద్దున చికెన్ నూడుల్స్ మసాలా కలిపారా అన్నది ఆ చుక్క చెప్పదు. సర్టిఫికేట్ సంస్థలు లేవు కాబట్టి దీని మీద 'ఆర్థిక జిహాద్' లాంటి మాటలు రావు. చుక్క గాలిలోంచి పుట్టినట్టు, ప్రకృతి నియమంలా కనిపిస్తుంది.

2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో ఈ లోపాన్నే పట్టుకుంది. ఆ కేసు వేసింది గోరక్షణ పేరుతో నడిచే ఒక సంస్థ. అంకెల పేర్లు రాసి ఊరుకుంటే చాలదని, ప్రతి పదార్థం మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ప్రయోగశాలలో తయారైందా అన్నది రాయాలని కోర్టు చెప్పింది. రుచిని పెంచే ఐఎన్ఎస్ 631ని ఉదాహరణగా తీసుకుంది. దాన్ని మాంసం నుంచి గానీ చేప నుంచి గానీ తయారుచేయవచ్చు. ఒక ముస్లిం వినియోగదారుడు హలాల్ ముద్ర ద్వారా అడిగేది కూడా సరిగ్గా ఇదే ప్రశ్న: ఈ అంకె వెనక ఏముంది? ఆ ప్రశ్న గోరక్షకుడు అడిగితే తెలుసుకునే హక్కు, ముస్లిం అడిగితే కుట్ర.

ఇక చుక్క నిర్వచనం చూడండి. నిబంధనల్లో మాంసాహారం అంటే జంతువు, పక్షి, కీటకం, చేప, గుడ్డు, ఇంకా జంతువు నుంచి వచ్చిన ఏ పదార్థమైనా. ఆ వెంటనే మినహాయింపులు: పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క. లక్క అంటే లక్కపురుగు కొమ్మల మీద స్రవించే జిగురు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఆదివాసులు ఆ కొమ్మలను గీకి తీస్తారు. దాన్ని శుద్ధిచేసి మిఠాయిల మీద మెరుపు కోసం పూస్తారు. కీటకం మాంసాహారమే, కానీ ఈ కీటకం ఇచ్చింది పచ్చచుక్క. ఆవు జంతువే, దాని పాలు పచ్చచుక్క. పిల్ల పుట్టే అవకాశమే లేని ఫారం కోడిగుడ్డు మాత్రం గోధుమరంగు.

ఇది జీవశాస్త్రం కాదు. ఈ జాబితాకు ఒకే ఒక తర్కం ఉంది. పాలు, నెయ్యి, తేనె తినే, గుడ్డు ముట్టని ఒక కంచం ఉంది. ఆ కంచం ఎవరిదో మనకు తెలుసు. దాని సరిహద్దులనే చట్టం గీతలుగా గీసింది. హలాల్ ముద్రలో షరియా ఉందని అనేవాళ్ళు, పచ్చచుక్కలో ధర్మశాస్త్రం ఉందని ఒప్పుకోవాలి. తేడా ఒక్కటే. హలాల్‌ను కోరుకున్న కంపెనీ వేసుకుంటుంది. పచ్చచుక్కను అందరూ వేయాలి.

2014 నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో 98 శాతం మాంసాహారులు. ఆ 98 మందికి తాము తినేదాని మీద ఒక రంగు గుర్తు రోజూ కనిపిస్తుంది. పచ్చ శుభం, గోధుమరంగు జాగ్రత్త. ఈ రంగులు ప్యాకెట్ మీదే ఉండిపోవు. 2023లో ఐఐటీ బొంబాయి హాస్టల్ మెస్‌లో ఆరు టేబుళ్ళను శాకాహారులకే కేటాయించారు, దాన్ని ధిక్కరించి కూర్చున్న విద్యార్థికి పది వేల రూపాయల జరిమానా వేశారు. అంబేడ్కర్ పెరియార్ ఫూలే స్టడీ సర్కిల్ దాన్ని బహిరంగం చేసింది. 2024 మార్చిలో జొమాటో 'ప్యూర్ వెజ్' ఆర్డర్లకు పచ్చ దుస్తుల్లో వేరే డెలివరీ బృందాన్ని ప్రకటించి, ఒక రోజులోనే ఆ పచ్చ దుస్తులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చుక్క ముందు ప్యాకెట్ మీద, తర్వాత బల్ల మీద, తర్వాత మనిషి ఒంటి మీద. శుద్ధి అన్న ఆలోచన వస్తువు దగ్గర ఆగదని మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మహాడ్‌లో దళితులు చెరువు నీళ్ళు తాగాక ఆ చెరువును పంచగవ్యంతో శుద్ధిచేశారు. నీటిలో రసాయనాలేమీ మారలేదు, తాగినవాళ్ళు ఎవరన్నదే మారింది.

ముద్రలన్నీ మౌనంగా ఉండే చోటు

పచ్చచుక్క మీద ఇంత కోపం చూపించి, హలాల్‌నూ కోషర్‌నూ వదిలేస్తే అది నిజాయితీ కాదు. ఈ మూడూ ఒకే విషయంలో ఒకేలా మౌనంగా ఉంటాయి. ఆ మౌనం మనకు అన్నిటికంటే ముఖ్యమైనది.

అమెరికాలో అయోవా రాష్ట్రంలో పోస్ట్‌విల్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి అగ్రిప్రాసెసర్స్ ఆ దేశంలోనే అతిపెద్ద కోషర్ మాంసం కర్మాగారంగా ఉండేది. దాని ప్యాకెట్ల మీద వృత్తంలో యు అక్షరం ఉండేది, అంటే ఆర్థడాక్స్ యూనియన్ ముద్ర. కోషర్ ముద్రల్లో అందరికీ తెలిసినదీ, ఎక్కువగా నమ్మేదీ అదే. 2008 మే 12న వలస శాఖ అధికారులు కర్మాగారాన్ని ముట్టడించి 389 మంది కూలీలను పట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది గ్వాటెమాలా నుంచి వచ్చిన పేదలు. పశువుల జాతర మైదానంలో తాత్కాలిక కోర్టులు పెట్టి, దొంగ పత్రాల నేరం కింద వందల మందిని నెలల తరబడి జైలుకు పంపారు. తర్వాత రాష్ట్ర కార్మిక శాఖ విచారణలో అక్కడ 57 మంది మైనర్లు పనిచేశారని చెప్పింది. బాల కార్మికుల కేసులో నిర్వాహకుడు నిర్దోషిగా బయటపడ్డాడు, బ్యాంకు మోసం కేసులో మాత్రం 27 ఏళ్ళ శిక్ష పడింది. 2017లో అధ్యక్షుడు ట్రంప్ ఆ శిక్షను తగ్గించి వదిలేశాడు. కూలీలకు అలాంటి క్షమ దొరకలేదు.

ఇన్ని సంగతులు బయటపడినా, ఆ మాంసం కోషరేనా అన్న ప్రశ్నకు జవాబు మారలేదు. ఎందుకంటే కోషర్ నియమం చూసేది కత్తి పదును, పశువు ఊపిరితిత్తులు, ఉప్పు వేసి రక్తం తీయడం, పాలూ మాంసమూ కలవకపోవడం. కత్తి పట్టినవాడి జీతం, వాడి వయసు, వాడి వేళ్ళు తెగాయా అన్నవి ఆ నియమంలో లేవు. ఈ ఖాళీ చూసి యూదుల్లోని కన్జర్వేటివ్ ఉద్యమం మాగెన్ జెదెక్ పేరుతో కార్మిక న్యాయానికి వేరే ముద్ర తేవాలని ప్రయత్నించింది. అది ప్యాకెట్ల మీద నిలదొక్కుకోలేదు. శుద్ధికి కొనేవాళ్ళు ఉన్నారు, న్యాయానికి లేరు.

మన దగ్గరా అదే. చక్కెర ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటుంది. పూజలో వాడతారు, నైవేద్యంలో వేస్తారు. ఆ చెరుకు నరికే కూలీలు మరాఠ్వాడాలోని బీడ్ జిల్లా నుంచి ఏటా భార్యాభర్తలు జంటగా, అప్పుగా ఇచ్చిన బయానా మీద వెళతారు. ఒక్క రోజు పని మానినా కూలీ కోత. నెలసరి ఆటంకం కాకూడదని గర్భసంచులు తీయించుకుంటున్నారన్న వార్తలు వచ్చాక, 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ సుమారు 82 వేల మంది ఆడకూలీల వివరాలు తీసుకుంది. వాళ్ళలో 13 వేల మందికి పైగా గర్భసంచి తీసేశారు. ఆ చక్కెర చుక్క ఇప్పటికీ పచ్చగానే ఉంది. నిబంధన ప్రకారం అది సరైనదే, అందులో జంతువు ఏమీ లేదు.

హలాల్‌లోనూ అంతే. కోసే చేయి ముస్లిందై ఉండాలని, పేరు తలవాలని నియమం అడుగుతుంది. ఆ చేయి ఖురేషీ కసాయిదో, ఎగుమతి కబేళాలో రోజుకూలీదో, దానికి ఎంత ముడుతుందో అడగదు. తోలు వొలిచే దళితుణ్ని ఉనాలో 2016లో కారుకు కట్టి కొట్టినప్పుడు, ఆ తోలు, ఆ ఎముకల నుంచి వచ్చే జెలటిన్ మీద ఏ మతం ముద్ర వేసినా ఆ దెబ్బలు కనబడవు.

మనం ఏం అడగాలి

కొందరు మిత్రులు అంటారు: అయితే అన్ని మత ముద్రలూ తీసేద్దాం, అదే లౌకికం. నేను ఒప్పుకోను. తినే మనిషికి తన నమ్మకం ప్రకారం తినే హక్కు ఉంది. దానికోసం తన సమూహంలోని సంస్థను నమ్మే హక్కూ ఉంది. రాజ్యం చేయవలసింది మూడే పనులు.

మొదటిది, ప్రతి పదార్థం మూలాన్ని మాటల్లో రాయించడం. 'ఐఎన్ఎస్ 471 (పామాయిల్ నుంచి)' అని ప్యాకెట్ మీద ఉంటే ముస్లిం, జైనుడు, యూదుడు, అలర్జీ ఉన్నవాడు, ఎవరైనా తానే తేల్చుకోగలడు. ఎంత మూలం బయటపడితే ముద్రల మీద ఆధారపడడం అంత తగ్గుతుంది. రెండవది, హలాలైనా కోషరైనా జైన ముద్రైనా స్వచ్ఛందంగా ఉంచి, అబద్ధం చెప్పినప్పుడు మాత్రమే, అందరినీ ఒకే తూకంతో శిక్షించడం. ఎగుమతికి ఒక నీతి, ఇంటికి ఒక నీతి ఉండకూడదు. వాణిజ్య శాఖే 2023లో ఎగుమతి మాంసానికి క్వాలిటీ కౌన్సిల్ కింద హలాల్ పథకం పెట్టింది. హలాల్‌కు నియమాలు రాయగలిగిన ప్రభుత్వానికి అది అర్థం కాని మత రహస్యమేమీ కాదు. మూడవది, పచ్చచుక్కను రాజ్యం చేతిలోంచి తీసేయడం. మూలం మాటల్లో రాసి ఉన్నాక, అందరి తిండినీ రెండు రంగులుగా విడగొట్టే అవసరం చట్టానికి లేదు. ఎవరికైనా శాకాహార ముద్ర కావాలంటే హలాల్‌లాగే వాళ్ళూ ఒక సంస్థ పెట్టుకుని, ఫీజు కట్టి, ఆడిటర్‌ను పిలిపించుకుని వేయించుకోవచ్చు. అప్పుడు ఆ చుక్కకు కూడా ఒక మతం ఉందని, ఒక ఖర్చు ఉందని అందరికీ కనిపిస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళకు ఒక పని ఉంది. మెస్ టెండరు పత్రాలు బయట పెట్టించండి. అందులో శాకాహారం, మాంసాహారం వంటపాత్రలు వేరుగా ఉండాలన్న షరతు ఎంత వివరంగా రాశారో, వంటవాళ్ళ జీతం, పనిగంటలు, పీఎఫ్ గురించి ఎంత రాశారో పక్కపక్కన పెట్టి చదవండి. శుద్ధికి ఎన్ని వాక్యాలు ఇచ్చారో, మనిషికి ఎన్ని ఇచ్చారో లెక్కపెట్టండి. ముద్రల రాజకీయం అంతా ఆ తేడాలోనే ఉంది.